సపోర్ట్ దగ్గర పిన్ బార్, మర్నాడు ఇన్‌సైడ్ బార్: స్టాప్ దేని కింద పెట్టాలి?

పైడిభీమవరం షిఫ్ట్
అందరికీ నమస్కారం. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్ట్ చేసి మధ్యాహ్నం రెండింటికి బయటపడతాను. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కాబట్టి డైలీ చార్ట్ తప్ప నాకు వేరే గతి లేదు. ఒక మిడ్‌క్యాప్ ఫార్మా షేరు గురించి అడగాలి. పేరు చెప్పను, చెబితే చర్చ అటు పోతుంది. మా కంపెనీ షేరు మాత్రం కాదు.

ఇది 612, 618 మధ్యకి వచ్చి ఇంతకుముందు రెండుసార్లు పైకి లేచింది. మూడోసారి దిగినప్పుడు మంగళవారం కింద పొడవైన తోకతో పిన్ బార్ పడింది. ఓపెన్ 624, హై 629, లో 609, క్లోజ్ 627. బుధవారం దాని లోపలే ఇన్‌సైడ్ బార్, హై 626, లో 619. గురువారం 626 దాటితే కొనేటట్టు జీటీటీ ఆర్డర్ పెట్టుకున్నాను, 626.50కి వచ్చాయి. స్టాప్ ఇన్‌సైడ్ బార్ కింద 618.50. అంటే షేరుకి ఎనిమిది రూపాయలు. ఒక ట్రేడ్‌లో రెండు వేలకి మించి పోకూడదని నా లెక్క, అందుకని 250 షేర్లు తీసుకున్నాను. టార్గెట్ పైన రెసిస్టెన్స్ 655.

గురువారం 627 దగ్గర ముగిసింది. శుక్రవారం పొద్దున 616 దాకా జారి, నా స్టాప్ కొట్టి, సాయంత్రానికి 625కి వచ్చేసింది. తర్వాతి వారం 641. ఆ పై వారం 655.

టైట్ స్టాప్ అంటే ఇన్‌సైడ్ బార్ కిందే కదా పెట్టాలి? మరి ఇదేటి?

కోట జంక్షన్
తమ్ముడూ, ఇది స్టాప్ హంటింగ్. నీ స్టాప్ ఎక్కడుందో పెద్దవాళ్లకి తెలుసు. అందరూ ఇన్‌సైడ్ బార్ కిందే పెడతారు, వాళ్లు అక్కడికి తెచ్చి లాక్కుంటారు. ఇన్‌సైడ్ బార్‌లు మానెయ్. నేనైతే తోక ఎంత పొడవుంటే అంత బలం అని పిన్ బార్ ఒక్కటే చూస్తాను. విజయనగరంలో మా బ్యాచ్ అంతా అంతే.

రాజాం ఆప్షన్
నాకూ అచ్చం ఇదే జరిగింది భయ్యా. బ్యాంక్ నిఫ్టీ కాల్ ప్రీమియం 180 దగ్గర ఐదు నిమిషాల చార్ట్‌లో సూపర్ పిన్ బార్, దాని లోపల ఇన్‌సైడ్ బార్. కొన్నాను. అరగంట ఎటూ కదల్లేదు, ప్రీమియం మాత్రం 160కి పోయింది. సపోర్ట్ అన్నదే అబద్ధం అనిపిస్తోంది.

నాగావళి ఒడ్డు
రాజాం బాబూ, నీది వేరే విషయం. ఇండెక్స్ ఎటూ కదలకుండా కూచున్నా కాల్ ప్రీమియం కరిగిపోతూనే ఉంటుంది. అలా కరిగే ధర మీద 180 అని గీత గీస్తే అది నిన్నటి గీతే గానీ ఇవాళ్టి సపోర్ట్ కాదు. సపోర్ట్ అయినా పిన్ బార్ అయినా ఇండెక్స్ చార్ట్ మీద చూడాలి. కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.

షిఫ్ట్ తమ్ముడూ, నువ్వు రాయనిది ఒకటి అడుగుతాను. ఆ షేరు మామూలు రోజున పైనుంచి కిందికి ఎన్ని రూపాయలు తిరుగుతుంది? పద్నాలుగు రోజుల ఏటీఆర్ చూసి చెప్పు.

పైడిభీమవరం షిఫ్ట్
ఇప్పుడే చూశానండి. 13 రూపాయలు చూపిస్తోంది.

నాగావళి ఒడ్డు
అదీ సంగతి. వార్తా వర్తమానం ఏమీ లేకపోయినా రోజుకి 13 రూపాయలు తిరిగే షేరు అది. దానికి నువ్వు 8 రూపాయల చోటు ఇచ్చావు, పైగా ఒక రోజు కాదు, రెండు వారాలు పట్టుకుందామని. శుక్రవారం నీ స్టాప్ కొట్టడానికి ఏ ఆపరేటరూ అక్కర్లేదు. కోట జంక్షన్ గారు చెప్పినదాంట్లో నిజం కొంత ఉంది, అందరికీ కనిపించే లో కింద ఆర్డర్లు పోగుపడతాయి, ధర అక్కడికి వెళ్లినప్పుడు గబుక్కున జారుతుంది. కానీ ఈ కేసులో అంత కథ లేదు.

ఇన్‌సైడ్ బార్ చిన్నది కాబట్టి స్టాప్ చిన్నది అయింది. ఆ రోజు ఎవరూ పెద్దగా కొనలేదు, అమ్మలేదు, అందుకే అది చిన్నది. రేపు కూడా అలాగే ఉంటుందని ఆ బార్ హామీ ఇవ్వదు. నువ్వు కొన్న కారణం ఏమిటి? 612, 618 మధ్య కొనేవాళ్లున్నారని, మంగళవారం 609 దాకా దిగి వెనక్కి రావడంతో అది తేలిందని. ఆ కారణం తప్పని ఎప్పుడు తెలుస్తుంది? 609 కింద ట్రేడ్ అయితే. 618.50 దగ్గర నీ కారణానికి ఏమీ కాలేదు. నిజానికి నువ్వు నీ సపోర్ట్ అంచుకి పైనే బయటపడ్డావు. ధర సపోర్ట్‌లోకి అడుగు పెట్టకముందే నువ్వు దిగిపోయావన్నమాట.

ఆమదాలవలస మాస్టారు
బాగా చెప్పారు. కానీ స్టాప్ 608కి జరిపితే రిస్క్ 18.50 అవుతుంది కదండీ. అప్పుడు అది టైట్ స్టాప్ ఎలా అవుతుంది? ఇతగాడి ప్రశ్నే టైట్ స్టాప్ గురించి.

నాగావళి ఒడ్డు
మాస్టారూ, నిజమే. రెండు వేల రిస్క్‌కి 18.50 అంటే 108 షేర్లే వస్తాయి. 655 దాకా వెళ్తే లాభం రిస్క్‌కి ఒకటిన్నర రెట్లే. చూడ్డానికి అందంగా ఉండదు. అందుకే జనం స్టాప్‌ని పైకి లాగుతారు. నేను స్టాప్ కదపను, కొనే చోటు కిందికి దింపుతాను.

పిన్ బార్ హై 629, లో 609. సగం 619. పిన్ బార్ పడిన మర్నాటి నుంచి 619కి లిమిట్ ఆర్డర్ పెడతాను, స్టాప్ 608. దూరం 11 రూపాయలు, 181 షేర్లు. 655కి 36 రూపాయలు, అంటే రిస్క్‌కి మూడు రెట్ల పైనే. శుక్రవారం 616కి దిగినప్పుడు ఈ తమ్ముడి స్టాప్ పోయిన చోటే నా ఆర్డర్ నిండేది. స్టాప్ దూరం తగ్గింది గానీ స్టాప్ ఉన్న చోటు మారలేదు, తేడా అంతా అక్కడే.

బొబ్బిలి వీణ
నాగావళి గారూ, చెప్పింది బాగుంది గానీ ఒక పక్క చెప్పలేదు. 619కి లిమిట్ పెడితే మీకు ఏ ట్రేడ్‌లు దొరుకుతాయి? పిన్ బార్ తర్వాత వెనక్కి జారినవి మాత్రమే. సపోర్ట్ విరిగి 609 కిందికి పోయే ప్రతిదీ 619 మీదుగానే పోతుంది, అవన్నీ మీ ఖాతాలో పడతాయి. మర్నాడే 629 దాటి పరిగెత్తే మంచివి ఒక్కటీ దొరకవు. నష్టం వచ్చేవి అన్నీ, లాభం వచ్చేవి కొన్నీ. ఈ ఒక్క ట్రేడ్‌లో 655 వచ్చింది కాబట్టి మీ పద్ధతి మెరుస్తోంది.

నాగావళి ఒడ్డు
ఒప్పుకుంటాను వీణ గారూ. బాగా ఊపు మీదున్న మార్కెట్‌లో వారాల తరబడి నా ఆర్డర్లు నిండవు. చూస్తూ కూచోవాలి. ఎటూ పోకుండా ఒక పరిధిలో తిరిగే షేర్లలోనే సగం దగ్గర కొనడం పనికొస్తుంది. ఈ షేరు 612, 655 మధ్య తిరుగుతోంది కాబట్టి ఇక్కడ చెప్పాను.

బొబ్బిలి వీణ
అలాగైతే సరే. షిఫ్ట్ తమ్ముడి స్టాప్‌ని కూడా నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. అతను 8 పెట్టి 28.50 కోసం చూశాడు. ఆ లెక్కన నూటికి 22 ట్రేడ్‌లు టార్గెట్ కొట్టినా అసలు దక్కుతుంది. 608 స్టాప్‌తో అయితే నూటికి 39 కొట్టాలి. చిన్న స్టాప్ ఎక్కువసార్లు పోతుంది, నిజమే. కానీ ఎంత ఎక్కువగా పోతుంది అన్నదే ప్రశ్న. పాత చార్ట్‌ల మీద రెండు స్టాప్‌లూ పక్కపక్కన పెట్టి లెక్క చూడకుండా ఇది మంచి, అది చెడు అంటే నేను నమ్మను. ఏటీఆర్ కంటే చిన్నది కాబట్టి తప్పు అనడం కూడా సూత్రమే, రుజువు కాదు.

కోట జంక్షన్
నూటికి 22 చాలంటే ఇంకేం మేడం, ఎనిమిది కాదు, నాలుగు రూపాయల స్టాప్ పెట్టమనండి. నూటికి పన్నెండు చాలు.

బొబ్బిలి వీణ
అక్కడే ఖర్చులు అడ్డొస్తాయండీ. స్టాప్ చిన్నదయ్యేకొద్దీ అదే రెండు వేలకి షేర్లు పెరుగుతాయి, షేర్లు పెరిగితే ఎస్‌టీటీ అనే పన్ను పెరుగుతుంది. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. ఇతను గురువారం కొని శుక్రవారం అమ్మాడు, కాబట్టి డెలివరీ కిందే వస్తుంది. 250 షేర్లంటే లక్షా యాభై ఆరు వేల పైచిలుకు. రెండు వైపులా కలిపి ఎస్‌టీటీ ఒక్కటే 311 రూపాయలు. స్టాంప్ డ్యూటీ, డీపీ ఛార్జీ వేరే. రెండు వేలు పోయిందనుకుంటే నిజానికి పోయింది 2,300 పైన. నాలుగు రూపాయల స్టాప్ పెడితే 500 షేర్లు, ఎస్‌టీటీ ఆరు వందల పైన. మొత్తం నష్టంలో నాలుగో వంతు దగ్గర దగ్గర ప్రభుత్వానికే.

108 షేర్లకైతే ఎస్‌టీటీ 134. కానీ అక్కడ గెలిచినప్పుడు వచ్చేది కూడా తక్కువే, అందుకని ఖర్చులు కలిపి చూస్తే 22 పాతికకి, 39 నలభై రెండుకి వెళ్తాయి. అంటే 8 రూపాయల దగ్గర ఖర్చు మరీ చావుదెబ్బ కాదు. నాలుగు దగ్గర మాత్రం అవుతుంది.

పలాస జీడి
నా సంగతి కూడా వినండి. మాది జీడిపప్పు వ్యాపారం, చార్ట్ చూసేది కొట్టు కట్టేశాకే. ఒక చిన్న షేరు, పేరు ఎందుకు లెండి, సపోర్ట్ దగ్గర ఇంత తోకతో పిన్ బార్. కోట జంక్షన్ గారు చెప్పినట్టు తోక పొడవు చూసి మురిసిపోయి కొన్నాను. వారం తిరక్కుండా ఆ తోక చివర కూడా దాటి కిందికి పోయింది. తర్వాత 15 నిమిషాల చార్ట్ తెరిచి చూస్తే తోక మొత్తం 9:15కి పడిన మొదటి క్యాండిల్‌లోనే ఉంది. ఎవరో ఒకాయన పొద్దున్నే మార్కెట్ ధరకి కాసిని షేర్లు అమ్మాడు, కొనేవాళ్లు లేక ధర దిగింది, మళ్లీ మామూలైంది. అంతే.

మేం పప్పు కొనేటప్పుడు పైన కనబడే గింజ చూసి బస్తా తీసుకోం, లోపల చెయ్యి పెట్టి తీస్తాం. పిన్ బార్ కూడా అంతే అనిపించింది.

నాగావళి ఒడ్డు
పలాస అన్నా, ఈ చర్చలో అందరికీ పనికొచ్చే మాట ఇదే. షిఫ్ట్ తమ్ముడూ, నీ మంగళవారం బార్‌ని 15 నిమిషాల్లో విప్పి చూశావా?

పైడిభీమవరం షిఫ్ట్
ఇప్పుడు చూస్తున్నానండి. 624 దగ్గర మొదలై పది గంటలకి 611. పావు తక్కువ పదకొండుకి 609. ఆ తర్వాత గంట పైన 609, 613 మధ్యే తిరిగింది, వాల్యూమ్ కడ్డీలు అక్కడే పొడుగ్గా ఉన్నాయి. పన్నెండున్నరకి 618 దాటింది. మూడు తర్వాత 627.

నాగావళి ఒడ్డు
అయితే అది నిజమైన తోక. గంట పైన అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లు తీసుకుంటూనే ఉన్నారు, చివరికి అమ్మకం అయిపోయింది. పలాస అన్న బార్‌లో ఆ కొనుగోలే లేదు. డైలీ చార్ట్‌లో రెండు బార్‌లూ ఒకేలా కనిపిస్తాయి. కోట జంక్షన్ గారూ, తోక పొడవు గురించి మీ మాటకి నా అభ్యంతరం కూడా ఇదే. పొడవు కంటే ఆ పొడవు ఎన్ని గంటల్లో, ఎంత వాల్యూమ్ మీద పడిందో ముఖ్యం. పైగా తోక మరీ పొడవైతే క్లోజ్ సపోర్ట్‌కి బాగా పైకి వచ్చేస్తుంది. అక్కడ కొంటే సగం లాభం ముందే అయిపోయినట్టు, స్టాప్ మాత్రం ఆమడ దూరం.

ఇంకోటి, బార్ 3:30కి గానీ పూర్తి కాదు. రెండున్నరకి పిన్ బార్‌లా ఉన్నది ఆఖరి గంటలో సగం వెనక్కి ఇచ్చేసి మామూలు బార్ అయిపోవడం చాలాసార్లు చూస్తాం. షిఫ్ట్ దిగి రెండింటికి చూసి కంగారుపడి కొనెయ్యకు.

కోట జంక్షన్
సరే, తోక సంగతి ఒప్పుకుంటాను. హంటింగ్ సంగతి ఒప్పుకోను.

ఆమదాలవలస మాస్టారు
నాకు ఇంకో భయం. అబ్బాయి 250 షేర్లు పట్టుకుని రాత్రి నిద్రపోయాడు. అది ఫార్మా షేరు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు ఏ ప్లాంట్ మీదో అభ్యంతరాలు రాశారని వార్త వస్తే మర్నాడు ఎక్కడ తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి. 618.50 స్టాప్ అప్పుడేం చేస్తుంది?

నాగావళి ఒడ్డు
ఏమీ చెయ్యదు మాస్టారూ. చిన్న స్టాప్‌లో అసలు ప్రమాదం అదే, అంకెలతో చూస్తే బాగా తెలుస్తుంది. 600 దగ్గర తెరుచుకుందనుకోండి. 250 షేర్లకి 26.50 చొప్పున 6,625 పోతాయి. రెండు వేల రిస్క్ అనుకున్నది మూడింతలు దాటింది. అదే 108 షేర్లు ఉంటే 2,862. ఇద్దరూ కాగితం మీద రెండు వేల రిస్కే రాసుకున్నారు. టైట్ స్టాప్ మార్కెట్ నడుస్తున్నప్పుడే టైట్. రాత్రి పూట నీ రిస్క్‌ని నిర్ణయించేది స్టాప్ కాదు, షేర్ల సంఖ్య.

తమ్ముడూ, నీ జీటీటీలో అమ్మకం ట్రిగ్గర్ 618.50, లిమిట్ ఎంత పెట్టావు?

పైడిభీమవరం షిఫ్ట్
618 అండి.

నాగావళి ఒడ్డు
అర్ధ రూపాయి తేడా. 600కి తెరుచుకుంటే ట్రిగ్గర్ పడుతుంది, 618కి అమ్ముతామని ఆర్డర్ వెళ్తుంది, కొనేవాడు ఉండడు, ఆర్డర్ అలాగే కూచుంటుంది. నువ్వేమో ఫ్యాక్టరీ లోపల, ఫోన్ లాకర్‌లో. సాయంత్రానికి 585 అయినా షేర్లు నీ దగ్గరే ఉంటాయి. లిమిట్‌ని ట్రిగ్గర్‌కి ఇంకా బాగా కింద పెట్టు. నీలా మధ్యలో చూసుకోలేనివాడు మూడు నాలుగు శాతం కింద పెట్టినా తప్పులేదు. లిమిట్ కింద పెట్టినంత మాత్రాన ఆ ధరకే అమ్ముడుపోదు, అప్పుడు కొనేవాడు ఇచ్చే మంచి ధరే వస్తుంది.

పైడిభీమవరం షిఫ్ట్
ఇది నాకు తెలియదు. ఇప్పుడే మిగతావన్నీ మారుస్తాను.

ఇంకో సందేహం. బుధవారం లో సరిగ్గా 619. మీరు చెప్పినట్టు 619కి లిమిట్ పెడితే ఆ రోజే వచ్చేవా?

నాగావళి ఒడ్డు
రావచ్చు, రాకపోవచ్చు. అదే ధరకి నీకంటే ముందు ఆర్డర్ పెట్టినవాళ్లు వరసలో ఉంటారు. ధర 619ని తాకి వెనక్కి వెళ్తే ముందున్నవాళ్లకే దొరుకుతాయి. 619 కిందికి దిగితే అందరికీ నిండుతుంది. పాత చార్ట్ మీద లెక్కలు వేసేటప్పుడు తాకితే చాలు, కొన్నట్టే అని రాసుకోకు. వీణ గారు చెప్పిన తిరకాసు అక్కడ ఇంకా పెరుగుతుంది. తాకి పైకి లేచినవి నీకు రావు, గుచ్చుకుని దిగినవి తప్పకుండా వస్తాయి.

బొబ్బిలి వీణ
సరిగ్గా అదే. నేను లెక్క వేసేటప్పుడు లిమిట్‌కి కనీసం అర్ధ రూపాయి కింద ట్రేడ్ అయితేనే నిండినట్టు రాసుకుంటాను.

మధ్యే మార్గం ఒకటి ఉంది, ఎవరూ అనలేదు. సగం షేర్లు 619 లిమిట్‌లో, మిగతా సగం 629 దాటితే. రెంటికీ స్టాప్ 608. పరిగెత్తితే సగమైనా ఉంటాయి.

కోట జంక్షన్
రెండు ఆర్డర్లు, రెండు స్టాప్‌లు, రెండు లెక్కలు. మీకు ఓపిక ఎక్కువ మేడం.

ఆమదాలవలస మాస్టారు
అన్నీ బాగున్నాయి గానీ మూలం దగ్గరే నాకు అనుమానం. మూడోసారి తాకిన సపోర్ట్ బలమైనదా, బలహీనమైనదా? అక్కడ కొనాలనుకున్నవాళ్లు మొదటి రెండుసార్లలోనే కొనేసి ఉంటారు కదా. పైగా ఈసారి 612 కాదు, 609 దాకా వెళ్లింది.

నాగావళి ఒడ్డు
నేను మూడోసారి దాకా కొంటాను, నాలుగోసారి ముట్టుకోను. ఇది నా అలవాటే గానీ నిరూపించలేను. మూడు రూపాయలు కిందికి వెళ్లడం మాత్రం నాకు ఇష్టమే. పాత లో కింద స్టాప్‌లు పెట్టుకున్నవాళ్లు అమ్మేశాక కూడా ధర నిలబడిందంటే ఇక అమ్మేవాళ్లు తగ్గినట్టు.

కోట జంక్షన్
చూశారా! పాత లో కింద స్టాప్‌లు తీసుకున్నారు అంటే హంటింగ్ కాక మరేటి?

బొబ్బిలి వీణ
స్టాప్‌లు పోవడం వేరు, ఎవరో కావాలని పోగొట్టడం వేరు. చార్ట్ చూసి రెండో సంగతి చెప్పలేం. నేను మాత్రం మాస్టారి వైపే. ప్రతిసారీ లేచే ఎత్తు తగ్గుతూ వస్తే మూడోది కొనను. తమ్ముడూ, మొదటిసారి ఎంత దాకా లేచింది, రెండోసారి ఎంత దాకా?

పైడిభీమవరం షిఫ్ట్
మొదటిసారి 662. రెండోసారి 655.

బొబ్బిలి వీణ
అయితే నేను వదిలేసేదాన్ని. తర్వాత 655కి వెళ్లింది కదా అంటారేమో, వెళ్లనివ్వండి.

నాగావళి ఒడ్డు
ఏడు రూపాయల తేడా సగం రోజు తిరుగుడు. దాన్ని తగ్గుతున్న ఎత్తు అనను.

పలాస జీడి
మరి స్టాప్ 608 అంటున్నారు అందరూ. 609 లో కింద ఒక్క రూపాయేనా? కోట జంక్షన్ గారు చెప్పినట్టు అందరూ అక్కడే పెడితే?

నాగావళి ఒడ్డు
నేనైతే ఏటీఆర్‌లో నాలుగో వంతు కింద పెడతాను. ఇక్కడ మూడు రూపాయలు, అంటే 606. లెక్క తేలిగ్గా ఉంటుందని 608 రాశాను. 606 అయితే 619 నుంచి 13 రూపాయలు, 153 షేర్లు.

కోట జంక్షన్
605 గుండు అంకె, దాని కింద 604 పెట్టండి. గుండు అంకెకి పైన పెడితే పోతారు.

బొబ్బిలి వీణ
నా దగ్గర ఒక రూపాయి, మూడు రూపాయలు, అయిదు రూపాయలు మూడూ పెట్టి చూసిన లెక్క ఉంది, కానీ అది బ్యాంకు షేర్ల మీద వేసింది. ఫార్మా మీద వేసి ఆదివారం ఇక్కడే పెడతాను. అప్పటిదాకా 606 అనీ 604 అనీ కొట్టుకోకండి.